పటం మీద చెరువు, నేల మీద ఎకరాలు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ వైపు విజయవాడ రహదారి మీద వెళ్తుంటే కుడిచేతి వైపు, కాలనీల వెనక సరూర్‌నగర్ చెరువు ఉంది. 1626లో తవ్వించినదని చెబుతారు. ఒకప్పుడు 99 ఎకరాలుండేదని, అందులో దాదాపు 25 ఎకరాలు ఆక్రమణల్లో పోయిందని పత్రికల్లో తరచూ చదువుతుంటాం. 2020 అక్టోబరు వానలకు ఈ చెరువు చుట్టుపక్కల కాలనీలు నీట మునిగాక ఆ అంకెలు మళ్లీ అందరి నోళ్లలో నానాయి. అలాంటి చర్చ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు పాత పటం ఒకటి ముందు పెడతారు. అందులో చెరువు బొటనవేలి గోరంత ఉంటుంది. అడుగున ‘1:50,000’ అని రాసి ఉంటుంది. అప్పుడు మామూలు పాఠకుడికి వచ్చే సందేహం ఒక్కటే: కాగితం మీద ఇంత ఉన్నది నేల మీద ఎన్ని ఎకరాలు? దీనికి జవాబు చెప్పడం కష్టం కాదు. అయితే ఆ జవాబును ఎంతవరకు నమ్మవచ్చో తెలియకపోతే అదే అంకె మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఈ అధ్యాయంలో ఆ రెండో సంగతికే ఎక్కువ చోటిస్తున్నాను.

నిష్పత్తి పొడవుకే, వైశాల్యానికి కాదు

పటం మీద రాసిన నిష్పత్తి పొడవుల గురించి మాత్రమే చెబుతుంది. 1:50,000 అంటే కాగితం మీద ఒక సెంటీమీటరు నేల మీద 50,000 సెంటీమీటర్లు, అంటే అర కిలోమీటరు. ఇది దూరాల మాట. వైశాల్యానికి పొడవూ ఉంది, వెడల్పూ ఉంది. పొడవును ఒకసారి పెంచాలి, వెడల్పును మరోసారి పెంచాలి. కాబట్టి నిష్పత్తిని రెండుసార్లు వాడాలి. ఇందులో కొత్త సూత్రమేమీ లేదు. మన ఊళ్లో ప్లాటు కొన్న ప్రతివాళ్లకూ ఇది తెలిసిన లెక్కే.

వనస్థలిపురంలోనో కొత్తపేటలోనో 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉన్న ప్లాటు తీసుకుందాం. 1,800 చదరపు అడుగులు, అంటే సరిగ్గా 200 గజాలు. దీన్ని అంగుళానికి 20 అడుగుల చొప్పున కాగితం మీద గీస్తే వెడల్పు ఒకటిన్నర అంగుళం, పొడవు మూడంగుళాలు వస్తాయి. కాగితం మీద అది నాలుగున్నర చదరపు అంగుళాల డబ్బా. ఇప్పుడు వెనక్కి లెక్కించాలి. నాలుగున్నరను ఒక్కసారే 20తో గుణిస్తే 90 చదరపు అడుగులు వస్తాయి. అంటే పది గజాలు. పది గజాల్లో ఇల్లెవరూ కట్టరు కాబట్టి తప్పు వెంటనే పట్టుబడుతుంది. అంగుళానికి 20 అడుగులైతే ఒక చదరపు అంగుళంలో పొడవునా 20 అడుగులు, వెడల్పునా 20 అడుగులు, మొత్తం 400 చదరపు అడుగులు ఇముడుతాయి. నాలుగున్నర నాలుగు వందలు 1,800. లెక్క సరిపోయింది.

ఇదే పద్ధతి ఏ పటానికైనా వర్తిస్తుంది. వైశాల్యాన్ని పెద్ద అంకెతో గుణించే బదులు, ముందు ‘ఈ పటంలో ఒక చదరపు సెంటీమీటరు నేల మీద ఎంత?’ అని తేల్చుకోవడం మంచిది. 1:50,000 పటంలో సెంటీమీటరు 500 మీటర్లు. అంటే ఒక చదరపు సెంటీమీటరు 500 మీటర్ల పొడవు, 500 మీటర్ల వెడల్పు ఉన్న నేల. అది 2,50,000 చదరపు మీటర్లు, అంటే 25 హెక్టార్లు. 1:10,000 పటంలో చదరపు సెంటీమీటరు సరిగ్గా ఒక హెక్టారు. 1:5,000 పటంలో పావు హెక్టారు. హెక్టారుకు 2.47 ఎకరాలు, ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. ఈ నాలుగు మెట్లు గుర్తుంటే మిగతాదంతా కూడికలూ గుణకారాలే.

టోపోషీటులో సరూర్‌నగర్ చెరువు

పైన చెప్పిన 99 ఎకరాలనే ఆధారంగా పెట్టుకుని, సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 టోపోషీటు మీద అంత చెరువు ఎంత చోటు తీసుకుంటుందో చూద్దాం. 99 ఎకరాలంటే 40 హెక్టార్లు. చదరపు సెంటీమీటరుకు 25 హెక్టార్లు కాబట్టి కాగితం మీద అది 1.6 చదరపు సెంటీమీటర్లు. చెరువు హద్దును సన్నని పెన్సిలుతో ట్రేసింగ్ పేపర్ మీదికి ఎక్కించి, దాన్ని మిల్లీమీటరు గ్రాఫ్ కాగితం మీద పెడితే 160 చిన్న గడులకు సమానమైన ఆకారం కనిపిస్తుంది. లోపల పూర్తిగా ఉన్న గడులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి. అంచు గీత కోసిన గడుల్లో సగానికి మించి లోపల ఉన్నదాన్ని ఒకటిగా లెక్కించి, సగం కంటే తక్కువున్నదాన్ని వదిలేయాలి. వదిలినవీ కలిపినవీ ఒకదానికొకటి చాలావరకు సరిపోతాయి కాబట్టే సర్వేయర్లు ఈ పద్ధతిని ఏళ్ల తరబడి నమ్మారు. ప్లానిమీటర్ అనే పరికరం ఉంటే దాని ముల్లును హద్దు వెంట ఒక చుట్టు తిప్పితే చాలు. ఎలా కొలిచినా చివరకు చేతికొచ్చేది కాగితం మీది వైశాల్యమే.

ఈ 1.6ను తెలియక ఒక్కసారే 50,000తో గుణిస్తే 80,000 చదరపు సెంటీమీటర్లు వస్తాయి. అంకె పెద్దదిగా కనిపించి నిజమేననిపిస్తుంది. కానీ అది 8 చదరపు మీటర్లే, ఒక చిన్న గది కంటే తక్కువ. ప్లాటు విషయంలో తప్పు వెంటనే దొరికింది. ఇక్కడ అంకెల గుంపులో అది దాక్కుంటుంది. అందుకే జవాబు రాగానే దాన్ని హెక్టార్లలోకి, ఎకరాల్లోకి మార్చి, ఆ చోటును మనసులో నిలుపుకుని, ‘ఇంత ఉండొచ్చా?’ అని అడగాలి. ఈ ఒక్క అలవాటు చాలా తప్పుల్ని గుమ్మం దగ్గరే ఆపేస్తుంది.

పాత, కొత్త పటాలను పక్కపక్కన పెట్టేటప్పుడు మరో ప్రమాదం ఉంది. మెట్రిక్ కొలతలు రాకముందు వచ్చిన టోపోషీట్లు మైలుకు అంగుళం చొప్పున గీసినవి. వాటి నిష్పత్తి 1:63,360. చూడటానికి 1:50,000కి పెద్ద తేడా లేనట్టే ఉంటుంది. కానీ పాత షీటులో చదరపు సెంటీమీటరుకు 40 హెక్టార్లు పడతాయి. మన 40 హెక్టార్ల చెరువు పాత షీటులో ఒక చదరపు సెంటీమీటరు ఉంటుంది, కొత్త షీటులో 1.6 ఉంటుంది. రెండు పటాలనూ కంటితో పోల్చినవాళ్లకు చెరువు ఒకటిన్నర రెట్లకు పైగా పెరిగినట్టు అనిపిస్తుంది! ఆ మధ్యకాలంలో చెరువు నిజంగా పాతిక ఎకరాలు కుంచించుకుపోయినా, కాగితం మీది బొమ్మ మాత్రం పెద్దదిగానే కనిపిస్తుంది. కాబట్టి బొమ్మల్ని పోల్చకూడదు. రెండింటినీ విడివిడిగా ఎకరాల్లోకి మార్చాకే పోల్చాలి.

జిరాక్స్ తీస్తే సగమైపోయే చెరువు

నిష్పత్తిని రెండుసార్లు వాడతామంటే, నిష్పత్తిలో ఉన్న తప్పు కూడా రెండుసార్లు పడుతుందని అర్థం. ఇది చాలామంది ఆలోచించని సంగతి. ఎక్కువ నష్టం జరిగేది కూడా ఇక్కడే.

ఒక పెద్ద పటాన్ని, 1:5,000 స్కేలులో ఏ3 కాగితం మీద ఉన్నదాన్ని ఊహించుకోండి. అందులో చదరపు సెంటీమీటరు పావు హెక్టారు కాబట్టి 40 హెక్టార్ల చెరువు 160 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. దాన్ని ఫైల్లో పెట్టుకోవడానికి ఏ4 సైజులోకి తగ్గించి జిరాక్స్ తీశారు. యంత్రం పొడవుల్ని 71 శాతానికి తగ్గిస్తుంది. వైశాల్యం సగమవుతుంది. జిరాక్స్ మీద చెరువు 80 చదరపు సెంటీమీటర్లే. కానీ అడుగున ముద్రించిన ‘1:5,000’ అన్న అక్షరాలు మారవు, చిన్నవవుతాయంతే. ఆ జిరాక్స్ అందుకున్న మనిషి రాసి ఉన్న నిష్పత్తిని నమ్మి, ఏ పొరపాటూ చేయకుండా లెక్కకట్టినా 20 హెక్టార్లు, అంటే 49 ఎకరాల చిల్లర వస్తుంది. లెక్క సరైనదే, జవాబు సగమే. ‘చెరువు సగం పోయింది’ అని ఆయన నిజాయితీగా ప్రకటించవచ్చు. ‘అసలు చెరువు యాభై ఎకరాలే’ అని ఎదుటివాడూ అంతే ధైర్యంగా వాదించవచ్చు.

దీనికి విరుగుడు ఆ పటంలోనే ఉంటుంది. నిష్పత్తి పక్కన గడులు గడులుగా గీసిన ఒక గీత, దాని మీద 0, 100, 200 మీటర్లు అని గుర్తులు ఉంటాయి. దీన్ని గీత కొలబద్ద అందాం. పటం చిన్నదైతే ఇదీ అంతే చిన్నదవుతుంది, పెద్దదైతే ఇదీ పెద్దదవుతుంది. అసలు పటంలో 500 మీటర్ల గీత 10 సెంటీమీటర్లు ఉంటే, ఈ జిరాక్స్‌లో అది 7 సెంటీమీటర్ల కంటే ఒక పిసరు ఎక్కువ ఉంటుంది. అంటే ఇప్పుడు ఒక సెంటీమీటరు 50 మీటర్లు కాదు, దాదాపు 71 మీటర్లు. చదరపు సెంటీమీటరు 5,000 చదరపు మీటర్లు, అంటే అర హెక్టారు. 80 చదరపు సెంటీమీటర్లను అర హెక్టారుతో గుణిస్తే 40 హెక్టార్లు. పోయిన సగం తిరిగొచ్చింది. కాగితం మీద నిష్పత్తి, గీత రెండూ ఉండి ఒకదాన్ని ఒకటి కాదంటుంటే, నమ్మాల్సింది గీతనే.

సగానికి సగం పోతే ఎవరికైనా అనుమానం వస్తుంది. అనుమానం రానంత చిన్న తప్పులే ఎక్కువ కీడు చేస్తాయి. కంప్యూటర్ నుంచి పటాన్ని ముద్రించేటప్పుడు ‘కాగితానికి సరిపెట్టు’ అన్న ఎంపిక ఉంటే అది అంచులు వదలడం కోసం బొమ్మను కొద్దిగా కుదిస్తుంది. పొడవులు 95 శాతానికి తగ్గాయనుకోండి. కంటికి తెలియదు. వైశాల్యం మాత్రం 90 శాతానికి పడిపోతుంది. 99 ఎకరాల చెరువు 89 ఎకరాలవుతుంది. ఆ పది ఎకరాలు 48,400 గజాలు, అంటే దారులు వదలకుండా కోస్తే 200 గజాల ప్లాట్లు 242. ఒక కాలనీ మొత్తం ప్రింటర్‌లోని ఒక్క మీటతో చెరువులోంచి బయటికి వచ్చేస్తుంది.

గీత కొలబద్ద కూడా కత్తిరించుకుపోయిన పటమైతే ఏం చేయాలి? పటంలో స్పష్టంగా కనిపించే రెండు చోట్లను, ఉదాహరణకు ఇప్పటికీ మారకుండా ఉన్న రెండు కూడళ్లను ఎంచుకుని, వాటి మధ్య దూరాన్ని నేల మీదో నమ్మకమైన వేరే పటం మీదో కొలవాలి. అదే దూరాన్ని కాగితం మీద కొలిస్తే అసలు నిష్పత్తి బయటపడుతుంది. ఆ రెండు చోట్లు వీలైనంత దూరంగా ఉండాలి. రెండు సెంటీమీటర్ల దూరంలో ఒక మిల్లీమీటరు తప్పు కొలిస్తే 5 శాతం తేడా వస్తుంది. ఇరవై సెంటీమీటర్లలో అయితే అర శాతమే. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఈ పరీక్షను ఉత్తర దక్షిణాలుగా ఒకసారి, తూర్పు పడమరలుగా ఒకసారి చేయాలి. గోడకు తగిలించిన పటాన్ని ఫోనుతో ఫొటో తీస్తే ఒక దిక్కు ఎక్కువ కుదించుకుపోతుంది. అలాంటప్పుడు రెండు దిక్కుల్లోనూ వచ్చిన రెండు వేర్వేరు విలువల్ని ఒకదానితో ఒకటి గుణించాలి. పటంలో ఒక మూలన ఒక విలువ, మరో మూలన మరో విలువ వస్తున్నాయంటే ఆ ఫొటో కొలతకు పనికిరాదని పక్కన పెట్టేయడమే మేలు.

ఇదంతా ఎందుకు, ఉపగ్రహ చిత్రం మీద ఫోనులోనే వేలితో హద్దు గీస్తే ఎకరాలు చెబుతుంది కదా అని అడగవచ్చు. ఇవాళ్టి చెరువుకు అది మంచి పద్ధతే. కానీ మన ప్రశ్న ఒకప్పటి చెరువు గురించి కూడా. ఆ హద్దు ఉన్నది పాత కాగితం మీదే కాబట్టి స్కేలు లెక్క తప్పదు. పైగా తెర మీది పటాలకూ ఇదే జబ్బు వేరే రూపంలో ఉంది. వెబ్ పటాలు ఎక్కువగా వాడే పద్ధతిలో భూమధ్యరేఖ నుంచి దూరం వెళ్లేకొద్దీ బొమ్మ సాగుతుంది. మన అక్షాంశం 17 డిగ్రీల పైచిలుకు దగ్గర పొడవులు దాదాపు 5 శాతం, వైశాల్యం దాదాపు 10 శాతం ఎక్కువ వస్తాయి. మంచి కొలత ఉపకరణాలు దీన్ని సరిచేసే చూపిస్తాయి. అయితే పటాల సాఫ్ట్‌వేర్‌లో EPSG:3857 అన్న అమరికలోనే ఉంచి చదునుగా వైశాల్యం అడిగితే 99 ఎకరాల చెరువు 109 ఎకరాలు అవుతుంది. హైదరాబాద్‌కు వర్తించే EPSG:32644కు మార్చితే తేడా వెయ్యింట ఒక వంతుకు తగ్గుతుంది.

నేల ఎత్తుపల్లాలుగా ఉంటుంది కదా, చదును కాగితం ఎలా సరిపోతుందన్నది మరో సందేహం. వంద మీటర్లకు ఐదు మీటర్లు ఎక్కే వాలులో నడిచే దూరం కాగితం చూపే దూరం కంటే 12 సెంటీమీటర్లే ఎక్కువ. పైగా భూమి రికార్డుల్లో లెక్కించేది పైనుంచి చూసిన చదును వైశాల్యాన్నే. కాబట్టి ఈ ప్రాంతంలో దాని గురించి దిగులు పడనక్కర్లేదు.

గీత మందంలో ఎన్ని ఎకరాలు

నిష్పత్తి సరిచూశాం, రెండుసార్లు వాడాం, గడులు జాగ్రత్తగా లెక్కపెట్టాం. అయినా ఒక పరిమితి మిగిలే ఉంటుంది. అది పటం గీసిన గీతలోనే ఉంది.

చెరువు హద్దు గీత అర మిల్లీమీటరు మందం ఉందనుకుందాం. 1:50,000 పటంలో ఆ మందం నేల మీద 25 మీటర్లు. చెరువు హద్దు గీతకు లోపలి అంచా, వెలుపలి అంచా? 40 హెక్టార్ల చెరువు గుండ్రంగా ఉన్నా చుట్టుకొలత దాదాపు 2,240 మీటర్లుంటుంది. వంకర టింకరగా ఉంటే ఇంకా ఎక్కువ. 2,240 మీటర్ల పొడవున 25 మీటర్ల పట్టీ అంటే 5.6 హెక్టార్లు, దాదాపు 14 ఎకరాలు. కొలిచే మనిషి గీత లోపలి అంచున పెన్సిలు పెట్టాడా, బయటి అంచున పెట్టాడా అన్నదాని మీద 14 ఎకరాలు అటూ ఇటూ అవుతున్నాయి. ఆక్రమణలో పోయిందంటున్నది 25 ఎకరాలు. అందులో సగానికి పైగా గీత మందంలోనే పోయింది. కాబట్టి టోపోషీటును చూపి ఈ చెరువు 25 ఎకరాలు పోయిందని రుజువు చేయలేం, పోలేదని కూడా రుజువు చేయలేం. అది పటం తప్పు కాదు. ఆ పటం గీసింది దారులూ కొండలూ నీళ్లూ ఎక్కడున్నాయో చూపడానికి, హద్దు తగాదా తీర్చడానికి కాదు.

అదే గీత 1:5,000 పటంలో రెండున్నర మీటర్లే. సందేహం ఎకరంన్నర లోపలికి తగ్గుతుంది. అప్పుడు 25 ఎకరాల మాట తేల్చి చెప్పవచ్చు. మరోవైపు, వస్తువు పెద్దదైతే చిన్న స్కేలు పటం కూడా పనికొస్తుంది. ఎల్‌బీ నగర్ దాటాక వనస్థలిపురం పక్కనున్న మహావీర్ హరిణ వనస్థలి 14.59 చదరపు కిలోమీటర్లు. టోపోషీటు మీద అది 58 చదరపు సెంటీమీటర్లు. అదే అర మిల్లీమీటరు గీత అక్కడ తెచ్చే సందేహం రెండు మూడు శాతమే. చెరువుకు మాత్రం 14 శాతం. చిన్న ఆకారానికి వైశాల్యంతో పోలిస్తే చుట్టుకొలత ఎక్కువ. అందుకే ఒకే పటం, ఒకే గీత, ఒకే మనిషి కొలిచినా అడవికి నమ్మదగిన జవాబు, చెరువుకు అనుమానపు జవాబు వస్తాయి.

ఈ సందేహం వట్టి చదువుల మాట కాదు. 2012 నాటి భవన నిర్మాణ నియమాల జీవో 168 ప్రకారం మన నగర పరిధిలో 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్, అంటే నిండు నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్ల వరకు ఇల్లు కట్టకూడదు. 10 హెక్టార్ల లోపు చెరువుకు 9 మీటర్లు వదిలితే చాలు. టోపోషీటు మీద 10 హెక్టార్లంటే 40 చిన్న గడులు. గీత మందం లెక్కలోకి తెస్తే అదే చెరువు ఎనిమిదిన్నర హెక్టార్లని ఒకరు, పదకొండుకు పైనే అని మరొకరు కొలవగలరు. ఇద్దరూ తప్పు చేయలేదు. కానీ ఒకరి లెక్కలో పక్కవాళ్ల ప్లాటు నిషేధిత పట్టీలో పడుతుంది, ఇంకొకరి లెక్కలో బయటపడుతుంది. సరూర్‌నగర్ చెరువు ఈ గీటుకు చాలా పైనే ఉంది కాబట్టి దానికి 30 మీటర్లే. అయితే ఆ 30 మీటర్లు టోపోషీటు మీద 0.6 మిల్లీమీటరు, హద్దు గీతంత మందం. ‘మా ఇల్లు బఫర్‌లో ఉందా?’ అన్న ప్రశ్నకు ఆ పటం దగ్గర జవాబు ఉండే అవకాశమే లేదు. 1:5,000 పటంలో అది 6 మిల్లీమీటర్లు, కొలవగలిగినంత. ఇంకా నిక్కచ్చిగా కావాలంటే సర్వే నంబర్ల పటం, నేల మీద పాతిన హద్దు రాళ్లు కావాలి.

ఎంత స్కేలు పటమైనా ఇంకో సంగతి అడగాలి. గీసిన హద్దు దేనిది? వేసవిలో సర్వే చేసిన రోజు నీళ్లున్నంత మేర గీశారా, నిండు నీటిమట్టం గీశారా, రెవెన్యూ రికార్డులోని శిఖం భూమి హద్దు గీశారా? ఈ మూడూ మూడు వేర్వేరు వైశాల్యాలు. లెక్క ఎంత బాగా చేసినా నీటి అంచును శిఖం హద్దుతో పోల్చితే ఆక్రమణ లేనిచోట ఆక్రమణ కనిపిస్తుంది, ఉన్నచోట మాయమవుతుంది.

కాబట్టి పాఠకులకు నా మనవి ఇది. ఏ చెరువు పటమైనా జిరాక్స్ తీయించేటప్పుడు, ఫొటో తీసేటప్పుడు గీత కొలబద్దను కత్తిరించకండి. అది కూడా బొమ్మలో పడేలా చూడండి. ఎవరైనా పటం చూపి ఎకరాలు చెబితే, ఆ అంకెతో పాటు అది ఎన్నో సంవత్సరపు పటం, ఏ స్కేలు, గీసినది ఏ హద్దు అన్న మూడు సంగతులూ అడిగి రాసుకోండి.